ఆ ఒక్క పైసా ఎక్కడ పోయింది?

స్నేహితులు హోటల్ బిల్లు పంచుకునే చిన్న మొబైల్ యాప్ రాశారనుకోండి. మొదటి యూనిట్ టెస్ట్ బటన్లకు కాదు, పంపకం లెక్కకు రాయాలి. తెర చెడితే కంటికి కనబడుతుంది, లెక్క తప్పితే కనబడదు. 100 రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33.33, మొత్తం 99.99 మాత్రమే! అందుకే లెక్కను స్క్రీన్ కోడ్ నుంచి విడదీసి, పైసల్లో రాసి పరీక్షించాలి:

```kotlin
assertEquals(listOf(3334, 3333, 3333), split(10000, 3))
```

ఒక్కరే ఉంటే? అసలెవరూ లేకపోతే? వాటికీ చెరొకటి. ఆపైన బగ్ దొరికినప్పుడల్లా, సరిదిద్దే ముందే దాన్ని పట్టుకునే టెస్ట్ రాయాలి.

ఇవి చాలా? లెక్కలో ఒక `+` ను `-` చేసి చూడండి. ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే ఇంకా రాయాల్సిందే. కవరేజీ శాతాన్ని నేను నమ్మను. లైను నడిచిందనే అది చెబుతుంది, జవాబు సరైందని కాదు.