ఎన్ని ప్లేట్లు కావాలి?

ఒక హోటల్‌కు సెకనుకు 1 లీటరు నీటిని 25 నుంచి 55 డిగ్రీలకు వేడిచేయాలి. బాయిలర్ నీరు కూడా అంతే ప్రవాహంతో 80 వద్ద వచ్చి 50కి చల్లబడుతుంది. ఇందుకు ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ ఎంత వైశాల్యంతో ఉండాలి?

ముందు వేడి లెక్క: 1 × 4.18 × 30, అంటే సుమారు 125 కిలోవాట్లు. రెండు నీళ్లూ ఎదురెదురుగా పారితే వాటి మధ్య తేడా రెండు చివరలా 25 డిగ్రీలే.

రేకుల మీది ముడతలు నీటిని సుడులు తిప్పుతాయి కాబట్టి వేడి చురుగ్గా దాటుతుంది. కొద్దిగా పాచి పట్టినా, చదరపు మీటరుకు డిగ్రీకి 3000 వాట్లు అనుకోవచ్చు.

A = 125000 ÷ (3000 × 25) ≈ 1.67 చ.మీ.

ఒక్కో రేకు 0.1 చ.మీ. అయితే 17 కావాలి. చివరి రెండూ వేడిని దాటించవు కనుక మొత్తం 19.

అనుమానంతో రేకులు ఎడాపెడా పెంచకండి. ఒక్కో సందులో నీటి వేగం తగ్గి, ఆ 3000 కూడా పడిపోతుంది. అప్పుడు లెక్క మళ్లీ చేయాలి. వాడకంలో పీడన నష్టం పెరుగుతూ, నీరు 55కి చేరకపోతే సున్నం పేరుకున్నట్టే. రేకులు విప్పి కడిగించండి.