స్క్రీన్‌షాట్‌లో వచ్చిన లెక్క

వాట్సాప్‌లో ఎక్సెల్ షీటుకు బదులు దాని స్క్రీన్‌షాట్ వచ్చిందంటే, అంకెలు వచ్చాయి కానీ ఫార్ములాలు రాలేదన్నమాట. దాన్ని మళ్లీ షీటుగా మార్చడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఏ అంకెను ఉన్నదున్నట్టు ఉంచాలి, దేన్ని మళ్లీ లెక్క కట్టాలి అన్నదే అసలు చిక్కు.

మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో Data కింద From Picture ఉంటుంది. స్క్రీన్‌షాట్‌ను పట్టిక మేరకే కత్తిరించి ఇవ్వాలి. లేకపోతే అంచునున్న వరుస నంబర్లూ సరుకుల్లో కలిసిపోతాయి. తెలుగులో ఉన్న పేర్లు చేత్తో టైపు చేసుకోవడమే మేలు. చదవడంలో అనుమానం వచ్చిన గడులకు ఎక్సెల్ రంగు వేసి చూపిస్తుంది. కానీ 8ని 3 అని ధీమాగా చదివేస్తే ఏ రంగూ పడదు!

ఒక కిరాణా కొట్టు కొనుగోలు పట్టీనే తీసుకుందాం. B వరుసలో కిలోలు, C వరుసలో రేటు, చివర మొత్తం. కిలోలు, రేటు మనిషి టైపు చేసినవి కాబట్టి ఫొటోతో సరిచూసి ఉంచాలి. మొత్తం ఆ రెండింటి నుంచి పుట్టింది కాబట్టి మళ్లీ కట్టాలి. అయితే ఫొటోలోని మొత్తాన్ని చెరిపేయకూడదు. అదే సాక్షి. దాన్ని E వరుసలో ఉంచి, కొత్త లెక్కను D లో, తేడాను F లో వేయాలి.

```
D2: =B2*C2
F2: =ROUND(D2-E2,2)
```

కందిపప్పు 12 కిలోలు, రేటు 164.50, మొత్తం 1,974. తేడా సున్నా. మినపప్పు దగ్గర 3 కిలోలు, రేటు 138, ఫొటోలో మొత్తం 1,104. తేడా ఏకంగా 690 రూపాయలు. 1,104ను 138తో భాగిస్తే సరిగ్గా 8 వస్తుంది. అంటే తప్పు కిలోల గడిలో ఉంది.

వేరుశనగ గుళ్ల కథ వేరు. 15 కిలోలు, రేటు 131.67, ఫొటోలో మొత్తం 1,975. కొత్త లెక్క 1,975.05. ఈ ఐదు పైసలు చదవడంలో జరిగిన తప్పు కాదు. 30 కిలోల బస్తా 3,950 రూపాయలకు కొని, కిలో రేటును భాగహారంతో రాబట్టారు. అసలు విలువ 131.6666 అలా సాగిపోతుంటే, తెర మీద రెండు దశాంశాలే కనిపించాయి. బస్తా ధర తెలిస్తే ఇక్కడ రేటును కూడా =3950/30 అని ఫార్ములాగా రాయాలి. తెలియకపోతే ఫొటోలోని మొత్తాన్నే ఉంచాలి.

అన్ని వరుసలూ సరిపోయినా అడుగునున్న కూడిక కలవకపోవచ్చు. ముందుగా, కూడికలోని గడులు నిజంగా అంకెలేనా అన్నది =ISNUMBER(E2) తో చూడాలి. అంకె టెక్స్ట్‌గా పడితే అది అక్షరాల గడి అవుతుంది, SUM దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అదీ కాకపోతే, పంపినవారి షీటులో కొన్ని వరుసలు దాచి ఉండవచ్చు. SUM వాటినీ కలిపేస్తుంది, ఫొటో చూపించదు. అలాంటప్పుడు కొత్త కూడిక వేసి సర్దుకోకుండా, అసలు ఫైలు పంపమని అడగాలి.