తీపి మందు, తెల్లారి వణుకు

మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున ఆ రక్తమంతటిలో కరిగి ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే, అంటే ఒక చెంచాడు చక్కెరంత. ఒక సాయంత్రం రమ్ములోకి 450 మిల్లీలీటర్ల కోలా కలుపుకుంటే దానితో దాదాపు 48 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది. నమిలే పని లేని తీపి నీళ్లు కాబట్టి అది కడుపులో ఎక్కువసేపు ఆగదు, పేగుల్లోకి జారి త్వరగా రక్తంలో కలుస్తుంది.

ఆ చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఫ్రక్టోజులో ఎక్కువ భాగం కాలేయానికి పోతుంది. రక్తంలో అంకెను పైకి తోసేది గ్లూకోజు. అరగంటకో ముప్పావుగంటకో అది పతాకస్థాయికి చేరుతుంది. దాన్ని కిందికి దించడానికి క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. ఇన్సులిన్ కండరాలకు, కొవ్వుకు గ్లూకోజును తీసుకోమంటుంది, కాలేయానికి కొత్తగా వదలొద్దంటుంది. తాగిన చక్కెర అయిపోయాక కూడా దాని ప్రభావం కొంతసేపు ఉంటుంది కాబట్టి రెండు మూడు గంటలకు గ్లూకోజు మామూలుకంటే కాస్త కిందికి దిగవచ్చు. ఉత్త కూల్‌డ్రింకు తాగినవాళ్లలో ఇది చాలామందికి తెలియకుండానే సర్దుకుంటుంది, ఎందుకంటే కాలేయం తన నిల్వలోంచి తీసి లోటు పూడుస్తుంది.

మందు కలిస్తే ఈ లెక్క మారుతుంది. 1977లో ఓకీఫ్, విన్సెంట్ మార్క్స్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆరోగ్యవంతులైన పదిమందికి ఖాళీ కడుపున మూడు జిన్-టానిక్‌లకు సమానమైన పానీయం, అంటే 50 గ్రాముల ఆల్కహాలు, 60 గ్రాముల చక్కెర ఇచ్చారు. చక్కెర లేని టానిక్‌తో జిన్ను ఒకసారి, జిన్ను లేని తీపి టానిక్ ఇంకోసారి ఇచ్చి పోల్చారు. రెండూ కలిసినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరింది, ఆ తర్వాత గ్లూకోజు ఎక్కువగా పడింది. చక్కెర ఇన్సులిన్‌ను పిలిస్తే, ఆల్కహాలు ఆ పిలుపు స్వరం పెంచిందన్నమాట.

అయితే ఈ పతనం తాగిన కొన్ని గంటల్లోనే జరిగేది. రాత్రి పదింటికి ఆపినవాడికి అది నిద్రలోనే వచ్చిపోతుంది. పొద్దున్నే చేతులు వణకడానికి ఆ చక్కెర ఒక్కటే కారణమనుకుంటే లెక్క కుదరదు. అసలు కథ కాలేయంలో ఉంది.

నిద్రలో తిండి ఉండదు, అయినా మెదడుకు గ్లూకోజు ఆగకూడదు. అందుకు కాలేయం రెండు పనులు చేస్తుంది. తన దగ్గర దాచుకున్న గ్లైకోజన్‌ను కరిగించి వదులుతుంది. అది తగ్గేకొద్దీ లాక్టేటు, అమైనో ఆమ్లాల వంటి వాటినుంచి కొత్త గ్లూకోజు తయారుచేస్తుంది. ఈ రెండో పనికి ఎన్‌ఏడీ అనే సహాయక అణువు ఖాళీగా ఉండాలి. ఆల్కహాలును విరగ్గొట్టడానికీ అదే కావాలి. ఆల్కహాలు విషం కాబట్టి కాలేయం దాన్ని వదిలించుకునే పనికే ముందు పూనుకుంటుంది, ఎన్‌ఏడీ ఎక్కువగా అటు ఖర్చవుతుంది, లాక్టేటు చాలావరకు లాక్టేటుగానే ఉండిపోతుంది. కొత్త గ్లూకోజు తయారీ బాగా తగ్గుతుంది.

ఎంతసేపు తగ్గుతుందో ఒక ఉదాహరణ మీద లెక్కవేయవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భోంచేసిన మనిషి రాత్రి ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నర లోపు 60 మిల్లీలీటర్ల పెగ్గులు మూడు, కోలాతో తాగాడనుకుందాం. మన దగ్గర అమ్మే రమ్ములో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. మూడు పెగ్గులంటే ఒక క్వార్టరు, అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి అరగదీయలేదు (మనిషిని బట్టి ఇది మారుతుంది). అంటే ఎనిమిది గంటల పని. తెల్లవారుజామున మూడున్నర, నాలుగు దాకా కాలేయం దాని మీదే ఉంటుంది. మంచింగ్‌తో కడుపు నిండిందని భోజనం ఎగ్గొట్టి పడుకున్నాడు కాబట్టి, పొద్దున ఏడింటికి భోజనమన్నది చేసి పదిహేడు గంటలు దాటింది. గ్లైకోజన్ తగ్గింది, కొత్త తయారీ రాత్రంతా కుంటుపడింది. రాత్రి పడిన గ్లూకోజును పైకి లేపాల్సిన చేయి ఆ వేళకు ఖాళీగా లేదు.

గ్లూకోజు డెసిలీటరుకు 65-70 మిల్లీగ్రాముల దరికి దిగితే శరీరం అడ్రినలిన్‌ను వదలడం మొదలుపెడుతుంది. వేళ్ల వణుకు, చెమట, గుండెదడ దాని పనే. వాటితోపాటు వచ్చే ఆకలి కూడా మామూలు ఆకలి కాదు, ఇప్పుడే ఏదో ఒకటి తినాలనిపించే ఆరాటం. ఆరోగ్యవంతుడిలో గ్లూకోజు ప్రమాదకర స్థాయికి పడటం అరుదు. బాగా తిని పడుకున్నవాడికి గ్లైకోజనే కాపలా. అందుకే పొద్దుటి వణుకంతా షుగర్ పడిపోవడమే అనలేం. మత్తు దిగేటప్పుడు నరాలు రెచ్చిపోవడం, నిద్ర చెడడం, ఒంట్లో నీరు తగ్గడం కూడా అలాంటి లక్షణాలే తెస్తాయి.

తేడా తెలుసుకోవాలంటే వణుకు ఉన్నప్పుడే గ్లూకోమీటరుతో చూడాలి. మధుమేహం లేనివారిలో అంకె 55 కంటే కిందికి దిగి, తిన్నాక అంకె పెరిగి వణుకు తగ్గితే అది షుగర్ పడడమే. అంకె 90 ఉండి వణుకు అలాగే ఉంటే కారణం వేరు. రోజూ తాగేవారిలో చివరి పెగ్గు తర్వాత ఆరు గంటలనుంచి మొదలై, తిన్నా తగ్గకుండా పెరిగే వణుకు మద్యం మానేసినప్పుడు వచ్చేది. అది మూర్ఛ దాకా పోగలదు కాబట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇన్సులిన్ తీసుకునేవారి విషయంలో ప్రమాదం ఖాయమైనది. 2001లో డయాబిటీస్ కేర్ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో టైప్-1 మధుమేహం ఉన్న ఆరుగురు రాత్రి తొమ్మిదింటికి వైన్ తాగారు. మర్నాడు అల్పాహారం తర్వాత అయిదుగురికి షుగర్ పడిపోయి చికిత్స అవసరమైంది. నీళ్లు తాగిన రోజు ఎవరికీ ఆ అవసరం రాలేదు. క్లోమాన్ని పిండే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికీ ఇదే భయం. పైగా షుగర్ పడి తూలుతున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లు తాగిన మైకమే అనుకుని పడుకోబెడతారు.

కోలా బదులు డైట్ కోలా పోస్తే ఇన్సులిన్ ఉప్పెన తగ్గుతుంది గానీ, చక్కెర లేనందువల్ల కడుపు త్వరగా ఖాళీ అయి ఆల్కహాలు రక్తంలోకి వేగంగా ఎక్కుతుందని 2006లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం చూపించింది. కాలేయం మీది భారం మాత్రం అంతే. మందు మొదలుపెట్టకముందే అన్నమో చపాతీయో పప్పుతో తినడం, తర్వాత భోజనం ఎగ్గొట్టకపోవడం అంతకంటే పనికొస్తాయి. పొద్దున వణుకుతూ లేచినవారు చక్కెర దట్టించిన టీ ఒక్కటే తాగితే మళ్లీ ఎగిరి మళ్లీ పడే అవకాశం ఉంది. షుగర్ నిజంగా పడినప్పుడు ముందు తీపి తీసుకోవలసిందే, వెంటనే ఇడ్లీయో ఉప్మానో గుడ్డో తినాలి. గ్లైకోజన్ ఖాళీ అయినవారిలో గ్లూకగాన్ ఇంజెక్షను కూడా సరిగా పనిచేయదు, ఎందుకంటే అది కాలేయంలోని నిల్వనే కరిగిస్తుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అక్కడ గ్లూకోజు నేరుగా నరంలోకి ఎక్కిస్తారు.