స్నేహితుడి నాన్న పోయినప్పుడు ఏం రాయాలి? పరామర్శ సందేశాలపై అపోహలు – వాస్తవాలు

స్నేహితుడి తండ్రి పోయారన్న కబురు ఇప్పుడు చాలామందికి వాట్సాప్‌లోనే తెలుస్తోంది. వెంటనే ఏదో ఒకటి రాయాలనిపిస్తుంది. రెండు మాటలు టైపు చేసి చెరిపేస్తాం, మళ్లీ రాస్తాం, చివరికి ‘ఓం శాంతి’ అని పెట్టి పక్కన చేతులు జోడించిన బొమ్మ చేరుస్తాం. మనసులో బాధ లేక కాదు, ఏం రాస్తే ఎలా తగులుతుందోనన్న జంకు. మన ఊళ్లలో పరామర్శ అంటే ఇంటికెళ్లి కాసేపు పక్కన కూర్చుని రావడం. అక్కడ నోట మాట పెగలకపోయినా చేయి పట్టుకుంటే సరిపోతుంది. ఫోన్‌లో ఆ వీలు లేదు కాబట్టి భారమంతా మాట మీదే పడుతుంది.

ఆ మాట ఎలా ఉండాలో తేల్చుకోవడానికి ఒక్క కొలత పెట్టుకోవచ్చు. దుఃఖంలో ఉన్న మనిషికి మన సందేశం కొత్తగా ఏ పనీ పెట్టకూడదు. జవాబివ్వడం, జరిగిందంతా చెప్పడం, ధైర్యంగా కనిపించడం, మనం అన్నదానికి తలూపడం, ఇవన్నీ పనులే. ఓదార్పు అనుకుని మనం రాసే మాటలు చాలాసార్లు ఈ పనులనే నెత్తిన పెడతాయి.

అపోహ 1: గొప్పగా రాయడం చేతకాకపోతే రాయకపోవడమే మేలు

వాస్తవం: పోయినవాళ్ల గురించి మనకు తెలిసిన ఒక్క చిన్న సంగతి ఏ గొప్ప వాక్యానికీ తీసిపోదు. ఉదాహరణకు మీ స్నేహితుడి తండ్రి ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారనుకుందాం. కాలేజీ రోజుల్లో మీరు ఆ ఇంటికి వెళ్తుండేవారు. అప్పుడు ఇలా రాయవచ్చు:

“నాన్నగారి సంగతి ఇప్పుడే తెలిసిందిరా. చాలా బాధగా ఉంది. నేను మీ ఇంటికి ఎప్పుడొచ్చినా తెల్లవారుజామున లేచి స్కూటర్ మీద బస్టాండ్‌లో దింపేవారు. సీటు దొరికిందో లేదో కిటికీ దగ్గరకొచ్చి చూసి, బస్సు కదిలాకే వెళ్లేవారు. అది ఎప్పటికీ మర్చిపోను. రేపు పొద్దున పదింటికల్లా అక్కడుంటాను. హైదరాబాద్ నుంచి మీవాళ్లెవరైనా రావాలంటే నా కార్లో చోటుంది, వాళ్లకు నా నంబరివ్వు. దీనికి జవాబు రాయాల్సిన పనిలేదు.”

ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. మొదట కబురు అందిందని, బాధగా ఉందని చెప్పాం. తర్వాత ఆ మనిషి ఎలాంటివారో ఒక్క దృశ్యంలో చూపించాం. కొడుక్కి తెలియని తండ్రి ముఖం ఒకటి మన దగ్గరుంది, అది అతనికి అందింది. ఆపైన ఏ సాయం చేయగలమో సరిగ్గా చెప్పాం. చివరి వాక్యంతో జవాబిచ్చే భారం తీసేశాం. తండ్రితో మీకు పరిచయమే లేకపోతే స్నేహితుడి నోట విన్నదే రాయండి: “మీ నాన్న గురించి నువ్వు ఎప్పుడు చెప్పినా నీ ముఖం వెలిగేది.”

‘ఓం శాంతి’ తప్పు కాదు గానీ అందరిళ్లకూ ఒకే మాట నప్పదు. క్రైస్తవ కుటుంబాల్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ముస్లింల ఇళ్లలో ‘ఇన్నా లిల్లాహి’ అని మొదలయ్యే వాక్యం చెబుతారు. వామపక్ష భావాలున్న ఇళ్లలో ‘జోహార్లు’ అంటారు. వాళ్ల నమ్మకం ఏమిటో తెలియనప్పుడు ఆత్మ, స్వర్గం, మోక్షం ప్రస్తావన వదిలేసి మన బాధ చెబితే చాలు.

అపోహ 2: ‘ధైర్యంగా ఉండు, ఇక నువ్వే ఇంటికి పెద్ద దిక్కు’ అంటే బలం వస్తుంది

వాస్తవం: ఆ మాట విన్న మనిషి ఏడుపు దిగమింగుకుంటాడు. తండ్రి పోయిన రోజున అతను ముందు కొడుకు. అంతలోనే తలకొరివి, కర్మకాండ, వచ్చిపోయేవాళ్లు, వంటవాళ్లు, డబ్బు లెక్కలు అన్నీ మీద పడతాయి. ఇంటి బాధ్యత తనదేనని అతనికి ఒకరు గుర్తుచేయనక్కర్లేదు. ‘అమ్మ ముందు ఏడవకు’ అన్న సలహాదీ ఇదే దారి. బదులుగా “నా దగ్గర నువ్వు ధైర్యంగా ఉండక్కర్లేదు. ఏ టైములో చేసినా ఫోన్ ఎత్తుతాను” అని రాయండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. పరామర్శలన్నీ కొడుకుల వైపే వెళ్తాయి. నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగి, మందులిచ్చి, మంచం పక్కనే పడుకున్న కూతురు మాత్రం వచ్చినవాళ్లకు కాఫీలు అందిస్తూ ఉండిపోతుంది. మీ స్నేహితురాలు ఆ స్థితిలో ఉంటే ఆమె పేరుతో, ఆమెకే విడిగా రాయండి. “అమ్మను నువ్వు ఎలా చూసుకున్నావో నాకు తెలుసు” అన్న వాక్యం ఆమెకు ఇంకెవరూ రాసి ఉండకపోవచ్చు.

అపోహ 3: ‘పెద్ద వయసేగా, బాధపడకుండా పోయారు’ అంటే మనసు తేలికపడుతుంది

వాస్తవం: ఎనభై అయిదేళ్ల తల్లి పోయినా అరవయ్యేళ్ల కొడుక్కి పోయింది అమ్మే. వయసు లెక్క చెబితే ‘ఇంతగా ఏడవాల్సిన చావు కాదిది’ అన్న అర్థం ధ్వనిస్తుంది. ‘దేవుడు మంచివాళ్లను తొందరగా తీసుకుపోతాడు’, ‘రాసిపెట్టి ఉంది’, ‘పుట్టినవాళ్లు గిట్టక తప్పదు’, ‘మా నాన్నయితే ఇంకా చిన్న వయసులోనే పోయారు’ అనేవి కూడా అలాంటివే. అవి నిజమో కాదో అన్నది అప్రస్తుతం. అవన్నీ విన్న మనిషి ‘అవునండీ’ అనక తప్పని మాటలు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. చాలాకాలం మంచాన పడిన తల్లి గురించి స్నేహితుడే ‘పోనీలే, బాధ తప్పింది’ అంటే, “నిజమే, చాలా బాధపడింది” అని అతనితో పాటు మనమూ అనవచ్చు. ఆ మాట ఇంట్లోవాళ్ల నుంచి ముందు రావాలి.

అపోహ 4: ‘ఏమైంది? ఎలా జరిగింది?’ అని అడగకపోతే పట్టనట్టు ఉంటుంది

వాస్తవం: పోయిన రోజు ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎంతోమంది ఉంటారు. ప్రతిసారీ ఆ చివరి గంటలను మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఇంకా పదునైనది: ‘ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారా?’, ‘ముందే టెస్టులు చేయించలేదా?’ ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు అప్పటికే లోపల్లోపల ఆ లెక్క వేసుకుంటూ ఉంటారు. మన ప్రశ్న దానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది. కారణం తెలుసుకోవాలనిపిస్తే వేరే స్నేహితుణ్ని అడగండి. అతనికి మాత్రం “ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే వింటాను” అని రాసి వదిలేయండి.

విదేశాల్లో ఉన్న స్నేహితుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికాలో ఉండి విమానం దొరక్కో, వీసా చిక్కుల వల్లో రాలేకపోయి, అంత్యక్రియలను వీడియో కాల్‌లో చూసినవాళ్లున్నారు. ‘పాపం, ఆఖరి చూపు కూడా దక్కలేదు’ అన్న సానుభూతి వాళ్లకు నేరారోపణలా వినిపిస్తుంది. మీరు అదే ఊళ్లో ఉంటే అతని బదులు వెళ్లి, చూసింది చెప్పండి: “అమ్మ దగ్గర గంటసేపు కూర్చున్నాను. కాస్త మజ్జిగ తాగింది. పిన్ని పక్కనే ఉంది.” అంత దూరాన ఉన్నవాళ్లకు ఆ క్షణాన కావలసింది ఇదే.

అపోహ 5: ‘ఏ సాయం కావాలన్నా అడుగు’ అంటే మన వంతు అయిపోయినట్టే

వాస్తవం: ఏం కావాలో ఆలోచించడం, ఎవర్ని అడగాలో చూసుకోవడం, మొహమాటం విడిచి అడగడం, ఈ మూడూ అతని మీదే పడ్డాయి. ‘అవును’ లేదా ‘వద్దు’ అంటే సరిపోయేలా పని పేరు చెప్పండి. మొదటి రోజుల్లో ఎయిర్‌పోర్టుకు, రైల్వేస్టేషన్‌కు వెళ్లి చుట్టాలను తీసుకురావడం, పిల్లలను ఒకపూట మీ ఇంట్లో ఉంచుకోవడం, ఆఫీసులో సెలవు సంగతి చెప్పడం ఉంటాయి. తర్వాత కాగితాల పని మొదలవుతుంది. చట్టప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆ కబురు ఆసుపత్రివాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే కుటుంబమే వెళ్లి చెప్పాలి. బ్యాంకు, పెన్షన్, ఎల్ఐసీ ఇలా ప్రతిచోటా మరణ ధ్రువీకరణ పత్రం అడుగుతారు. పేరులో ఒక్క అక్షరం ఆధార్‌తో కలవకపోయినా మళ్లీ తిరగాల్సి రావచ్చు. “డెత్ సర్టిఫికెట్ పని మీద సోమవారం మున్సిపల్ ఆఫీసుకు నేను నీతో వస్తాను, ఆధార్‌తో వివరాలు సరిపోల్చి చూసుకుందాం” అన్న సందేశం పది ఓదార్పు మాటల పెట్టు. చేయలేని పని మాత్రం ఒప్పుకోవద్దు. ఆ రోజుల్లో మాట తప్పితే మామూలు రోజులకన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది.

అపోహ 6: దినాలు అయిపోయాక ఆ మాటెత్తకూడదు, గుర్తుచేస్తే బాధపడతారు

వాస్తవం: తండ్రి పోయాడన్న సంగతి వాళ్లు మర్చిపోతే కదా మనం గుర్తుచేయడానికి! పెద్దకర్మ దాకా ఇల్లు జనంతో నిండి ఉంటుంది. షామియానా విప్పాక, చుట్టాలు వెళ్లాక, ఆ పడక్కుర్చీ, కళ్లజోడు, మిగిలిపోయిన మందుల డబ్బా కనిపిస్తాయి. సందేశాలు ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఆలస్యమైందని మానేయకండి. “ముందే రాయాల్సింది, అయినా రోజూ మీరే గుర్తొస్తున్నారు” అని నెల తర్వాత రాసినా అది మంచి సందేశమే.

దుఃఖం అయిదు మెట్లు దిగి ముగుస్తుందన్న నమ్మకం కూడా ఈ అపోహకు తోడైంది. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదు దశలను వర్ణించింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల కోసం వేసిన క్యాలెండర్ కాదది. మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన తీరు మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు పోయినవాళ్ల తలపులో మునుగుతాడు, కాసేపు రోజువారీ పనుల్లో పడతాడు, మళ్లీ మునుగుతాడు. పొద్దున ఆఫీసులో నవ్విన స్నేహితుడు రాత్రి ఏడిస్తే అందులో వింతేమీ లేదు, నవ్వినంత మాత్రాన మర్చిపోయాడనీ కాదు. అయితే ఏడాది దాటినా రోజంతా ఆ వేదనలోనే ఉండి పని, తిండి, మనుషులతో మాట అన్నీ ఆగిపోతే సందేశాలతో సరిపెట్టకండి. మానసిక వైద్యుల దగ్గరకు వెంట తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలి-మానస్ నంబర్ 14416కు చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

మరో సంగతి: ఈ ఏడాది వాళ్లింట్లో పండగ ఉండదు. ఉగాదికి, సంక్రాంతికి అందరికీ పంపే శుభాకాంక్షలు వాళ్లకు పంపకండి. బదులుగా “ఈ పండక్కి నాన్నగారు లేకపోవడం ఎంత వెలితిగా ఉంటుందో” అని ఒక్క ముక్క రాయండి. ఏడాది తిరిగాక సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, ఇంగ్లిషు తేదీ వేరే రోజున పడుతుంది. స్నేహితుడికి ఆ రెండు రోజులూ బరువుగానే గడుస్తాయి కాబట్టి ఫోన్ క్యాలెండర్‌లో రెండూ ఇప్పుడే పెట్టుకోండి. ఆ రోజు పోయినాయన పేరుతో రెండు వాక్యాలు పంపండి.