నోటీస్ పీరియడ్‌లో ఉంటే బోనస్ రాదా?

సికింద్రాబాద్ రైలు నిలయంలో పనిచేసే గుమాస్తాకు దసరా ముందు వచ్చే బోనస్ విషయంలో ఎవరికీ ఉత్తరం రాయాల్సిన పని పడదు. కేంద్ర మంత్రివర్గం 78 రోజుల బోనస్ అని ప్రకటిస్తుంది. నెల జీతం ఎంతున్నా లెక్కకు 7,000 రూపాయలే తీసుకుంటారు కాబట్టి అర్హులైన ఒక్కొక్కరికీ గరిష్ఠంగా వచ్చేది 17,951 రూపాయలు. నువ్వు బాగా చేశావా, నేను బాగా చేశానా అన్న ప్రశ్న అక్కడ లేదు. అదే ఊళ్లో ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాళ్ల బోనస్ సంగతి వేరు. అది వాళ్ల పేరు మీద, వాళ్ల రేటింగ్ మీద లెక్కగట్టిన మొత్తం. ఆపేస్తే వాళ్లే అడగాలి. అడిగే ఉత్తరం ఎలా ఉండాలన్నదే ఇక్కడి విషయం.

ఒక ఊహా కేసు తీసుకుందాం. రాణిగంజ్‌లో ఆఫీసున్న ఒక సరుకు రవాణా కంపెనీలో ఆమె ఆపరేషన్స్ మేనేజర్. సీటీసీ ఏడాదికి 9,60,000. అందులో 8,16,000 నెలనెలా వచ్చే స్థిర జీతం, మిగతా 1,44,000 పెర్ఫార్మెన్స్ బోనస్. మార్చితో ఏడాది ముగిసింది. మే 20న అప్రైజల్ లెటర్ చేతికొచ్చింది. గత ఏడాదికి మీ బోనస్ 1,41,120 రూపాయలు, జూన్ జీతంతో చెల్లిస్తాం అని అందులో ఉంది. జూన్ 12న ఆమె రాజీనామా ఇచ్చింది. అరవై రోజుల నోటీసు, ఆఖరి రోజు ఆగస్టు 10. జూన్ 30న జీతం పడింది గానీ బోనస్ పడలేదు. అడిగితే హెచ్‌ఆర్ నుంచి ఫోన్లో ఒక్క మాట వచ్చింది: “నోటీస్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వం మేడమ్, అది పాలసీ.”

ఇలాంటప్పుడు చాలామంది కోపంలో రెండు పేజీలు రాసేస్తారు. ఎన్ని రాత్రులు ఆఫీసులో కూర్చున్నారో, ఏ క్లయింటు ఎలా మెచ్చుకున్నాడో, బాస్ ఎలా మాట తప్పాడో అన్నీ అందులో ఉంటాయి. ఆ ఉత్తరం చదివే హెచ్‌ఆర్ అధికారికి అదంతా అనవసరం. పని బాగా చేశారా లేదా అన్న తగువు మే 20నే తీరిపోయింది, కంపెనీయే రేటింగ్ ఇచ్చి అంకె రాసింది. దాన్ని మళ్లీ తెరిస్తే మనమే కొత్త వాదనకు తలుపు తీసినట్టు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: రాసి ఇచ్చిన ఈ మొత్తాన్ని ఏ క్లాజు కింద ఆపారు?

ఇంకో పొరపాటు, ఉత్తరం మొదట్లోనే 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టాన్ని పెట్టడం. ఆ చట్టం చెప్పేది కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం ఉండే చట్టబద్ధ బోనస్ గురించి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే అది వర్తించేది. ఇప్పుడు ఆ నిబంధనలు వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. నెలకు 68,000 తీసుకునే మేనేజర్ ఆ పాత చట్టం పట్టుకుని రాస్తే, మీకు ఆ చట్టం వర్తించదు అని హెచ్‌ఆర్ ఒక్క లైనులో తిప్పికొడుతుంది. అడగని ప్రశ్నకు వచ్చిన ఆ జవాబుతోనే ఫైలు మూసేస్తారు. ఆమె హక్కు చట్టబద్ధ బోనస్ నుంచి రాలేదు, ఉద్యోగ ఒప్పందం నుంచి వచ్చింది.

కాబట్టి ముందు కాగితాలు. నోటీస్ పీరియడ్‌లో ఉండగానే నాలుగు దగ్గర పెట్టుకోవాలి: జీతం విడగొట్టి చూపే ఆఫర్ లెటర్, అప్రైజల్ లెటర్, జూన్ పే స్లిప్, బోనస్ పాలసీ. పాలసీని పోర్టల్ నుంచి దించుకునేటప్పుడు మొదటి పేజీలో వెర్షన్ నంబరు, అమలు తేదీ కనిపించేలా చూసుకోవాలి. అసలు పట్టు అక్కడే ఉంటుంది. ఆఖరి రోజు సాయంత్రానికి లాగిన్ పోతుంది, ఆ తర్వాత పాలసీ పంపండి అని బతిమాలుకోవాల్సి వస్తుంది. అయితే మీ పేరు మీదున్నవి, ఉద్యోగులందరికీ ఇచ్చినవి మాత్రమే తీసుకోండి. క్లయింటు ఫైళ్లు, తోటివాళ్ల జీతాల వివరాలు సొంత మెయిల్‌కు పంపుకుంటే కంపెనీ చేతికి మీరే ఒక ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

పాలసీలో రెండు చోట్ల ఆగి చదవాలి. ఒకటి లెక్క. మన కేసులో బోనస్‌లో అరవై శాతం వ్యక్తి పనిని బట్టి, నలభై శాతం కంపెనీ ఫలితాన్ని బట్టి. అరవై శాతం అంటే 86,400. ఆమె రేటింగ్‌కు 110 శాతం, కాబట్టి 95,040. మిగతా 57,600కు కంపెనీ ఫలితం 80 శాతం, కాబట్టి 46,080. రెండూ కలిపితే 1,41,120. అప్రైజల్ లెటర్‌లో ఉన్నదీ అదే అంకె. లెక్క ఇలా కుదిరితే దాన్ని ఉత్తరానికి జతచేసి రెండు లైన్లలో చూపించాలి. ఆ అంకె ఎవరో పైనుంచి దయతలచి వేసింది కాదని, పాలసీ సూత్రం నుంచే పుట్టిందని దాంతో తేలిపోతుంది.

రెండోది అర్హత. పాలసీలోని 6వ క్లాజు ఇలా ఉందనుకుందాం: “చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగి కంపెనీ రోల్స్‌లో ఉండాలి.” అంతే ఉంది. నోటీసు ఊసు లేదు. జూన్ 30న ఆమె రోల్స్‌లోనే ఉంది, జీతం పడింది, పీఎఫ్ కట్ అయింది, హాజరు నమోదైంది. నోటీసులో ఉన్న ఉద్యోగి కూడా ఆఖరి రోజు దాకా ఉద్యోగే. ‘రోల్స్‌లో ఉండటం’ అన్న షరతును ఆమె నెరవేర్చింది. ‘నోటీసులో లేకపోవడం’ అన్నది కంపెనీ ఫోన్లో కలిపిన కొత్త షరతు.

అదే క్లాజులో “రాజీనామా సమర్పించినవారు, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవారు అనర్హులు” అని స్పష్టంగా ఉండి, అప్రైజల్ లెటర్ కింద “పాలసీకి లోబడి” అని ఉంటే? అప్పుడు నిజం చెప్పాలంటే పట్టు చాలా సడలిపోతుంది. అక్కడ మిగిలే ప్రశ్న ఒకటే: ఆ వాక్యం ఎప్పుడు చేరింది? ఏడాదంతా పాత పాలసీ నమ్మించి పని చేయించుకుని, ఏడాది ముగిశాక ఏప్రిల్‌లో కొత్త వెర్షన్‌లో ఆ వాక్యం కలిపితే, గడిచిన ఏడాదికి అది ఎలా వర్తిస్తుందని గట్టిగా అడగవచ్చు. వెర్షన్ తేదీ చూసుకోమన్నది ఇందుకే. మొదటినుంచీ ఉన్న వాక్యమైతే, రాజీనామాను పద్దెనిమిది రోజులు ఆపుకోవాల్సింది అనుకోవడం తప్ప ఉత్తరం వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

మన కేసుకొస్తే, ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. ఆఫీసుల్లో ఇవి ఇంగ్లీషులోనే నడుస్తాయి. సారం మాత్రం ఇదీ:

“విషయం: గత ఆర్థిక సంవత్సరపు పెర్ఫార్మెన్స్ బోనస్ రూ. 1,41,120 చెల్లించకపోవడం గురించి.

మే 20 నాటి అప్రైజల్ లెటర్‌లో పై మొత్తాన్ని నిర్ణయించి, జూన్ జీతంతో చెల్లిస్తామని తెలిపారు. ఈ మొత్తం బోనస్ పాలసీలోని లెక్కతో సరిపోతోంది, వివరం జతచేశాను. జూన్ 30న నా ఖాతాలో జమైన జీతంలో అది లేదు. నేను నోటీస్ పీరియడ్‌లో ఉన్నందున ఇవ్వడం లేదని ఫోన్లో తెలిపారు.

పాలసీ 6వ క్లాజు చెల్లింపు తేదీ నాటికి రోల్స్‌లో ఉండాలని మాత్రమే చెబుతోంది. ఆ తేదీన నేను రోల్స్‌లో ఉన్నాను. మొత్తాన్ని ఏ క్లాజు కింద ఆపారో, ఆ క్లాజు ఏ తేదీ నుంచి అమల్లో ఉందో రాతపూర్వకంగా తెలపండి. అలాంటి క్లాజు లేకపోతే 15 రోజుల్లో చెల్లించండి.”

ఇందులో ఫిర్యాదు మూడో వాక్యానికే ముగిసింది. ఫోన్లో అన్న మాటను కాగితం మీదికి తేవడం ముఖ్యం. వాళ్లు అలా అనలేదని ఖండించాలి, లేదా ఒప్పుకోవాలి. రెండూ రాతలోనే జరగాలి. హెచ్‌ఆర్ అధిపతికి మెయిల్ చేసి, మేనేజరుకు ప్రతి పెట్టి, సొంత మెయిల్‌కు కూడా ఒక కాపీ ఉంచుకోవాలి. అదే ఉత్తరాన్ని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోవాలి. మానసిక వేదనకు పరిహారం, పత్రికలకెక్కుతాననే బెదిరింపు ఈ దశలో అక్కర్లేదు.

తొలి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: బోనస్ పూర్తిగా యాజమాన్యం విచక్షణకు లోబడినది అని. చాలా పాలసీల చివర్లో ఉండే వాక్యమే అది. దానికి బదులు కాస్త ఆలోచించి ఇవ్వాలి. విచక్షణ అనేది ఎంత ఇవ్వాలి, ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే దశలో వాడేది. మే 20న అంకె వేసి, తేదీ చెప్పి, సంతకం పెట్టి ఇచ్చినప్పుడే కంపెనీ దాన్ని వాడేసింది. ఆ తర్వాత వెనక్కి తీసుకోవాలంటే విచక్షణ అన్న మాట చాలదు, కారణం కావాలి.

ఇది కేవలం మన వాదన కాదు. లండన్‌లో నోమురా ఇంటర్నేషనల్ అనే సంస్థపై క్లార్క్ అనే ట్రేడర్ వేసిన కేసులో 2000లో తీర్పు వచ్చింది. అతని ఒప్పందంలో బోనస్ విచక్షణ మీద ఆధారపడినదనీ, వ్యక్తి పనిని బట్టి ఉంటుందనీ, చెల్లింపు తేదీన ఉద్యోగంలో ఉండాలనీ రాసుంది. తొలగింపు నోటీసు నడుస్తుండగా బోనస్ తేదీ వచ్చింది, కంపెనీ సున్నా ఇచ్చింది. అతను లాభాలు తెచ్చిపెట్టినవాడు. సహేతుకమైన యజమాని ఎవరూ విచక్షణను అలా వాడరని చెప్పి కోర్టు 13.5 లక్షల పౌండ్లు ఇప్పించింది. ఇంగ్లండ్ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, చూపించుకోవడానికి పనికొస్తుంది. మన సుప్రీంకోర్టు కూడా 1959లోనే, టిటాగర్ పేపర్ మిల్స్ కేసులో, ఉత్పత్తిని బట్టి ఇచ్చే బోనస్ లాభాల్లో వాటా లాంటిది కాదనీ, అది ప్రోత్సాహక వేతనమనీ అంది.

ఇంతలో ఆగస్టు 10 వస్తుంది. ఫుల్ అండ్ ఫైనల్ కాగితం ముందుకొస్తుంది. దాని చివర “నాకు కంపెనీ నుంచి ఇక ఏ బకాయీ లేదు” అన్న వాక్యం ఉంటుంది. రిలీవింగ్ లెటర్ కోసం కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. తర్వాత కంపెనీ ముందు తీసేది ఆ సంతకాన్నే. సంతకం పక్కన “బోనస్ రూ. 1,41,120 వివాదంలో ఉంది, ఆ హక్కు వదులుకోవడం లేదు” అని రాయాలి. ఆన్‌లైన్ ఫారమ్‌లో రాసే చోటు లేకపోతే, బటన్ నొక్కే ముందే అదే మాట మెయిల్ చేయాలి. తేదీ, సమయం దానికవే నమోదవుతాయి.

అప్పటికీ డబ్బు రాకపోతే రెండు దారులున్నాయి. వేతనాల కోడ్‌లో ఉద్యోగి అంటే మేనేజర్లు కూడా వస్తారు. దాని కింద నియమించిన అధికారి ముందు మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. ఒప్పందంలో భాగమైన బోనస్ వేతనంలోకి వస్తుందా అని కంపెనీ అక్కడ తప్పక వాదిస్తుంది. ఆఫర్ లెటర్‌లో సీటీసీ విడగొట్టిన పేజీ అక్కడ అక్కరకొస్తుంది. ఆ మొత్తం కోడ్ కింద రాబట్టదగినది కాకపోతే రెండో దారి సివిల్ కోర్టు, అక్కడా గడువు మూడేళ్లే. ఆ గడువు ఉత్తరం రాసిన రోజు నుంచి కాదు, డబ్బు రావాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. మన కేసులో అది జూన్ 30. మెయిళ్లు ఎన్ని తిరిగినా ఆ తేదీ కదలదు. కదలాలంటే ఆ మూడేళ్లు నిండేలోపే కంపెనీ ఈ బాకీ ఉందని రాతలో ఒప్పుకుని సంతకం చేయాలి.