తెలుగులోకి వచ్చేసరికి ప్రశ్న తేలికైపోతే?

నీట్ పరీక్షను తెలుగులో రాయొచ్చు. అయితే అనువాదంలో సందిగ్ధత వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం. 2018లో తమిళ పత్రంలో 49 ప్రశ్నల అనువాదం తప్పని వివాదం రేగింది. 196 మార్కులు కలపమని మద్రాస్ హైకోర్టు ఆదేశిస్తే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదంతా తప్పుల గొడవ. ఒక్క తప్పూ లేని అనువాదం కూడా ప్రశ్న కష్టాన్ని మార్చేయగలదు.

జీవశాస్త్రంలో ఒక ప్రశ్న చూద్దాం: రంగులేని ప్లాస్టిడ్లు ఏవి? ఇంగ్లిష్‌లో ఆప్షన్లు క్లోరోప్లాస్ట్, క్రోమోప్లాస్ట్, ల్యూకోప్లాస్ట్, మైటోకాండ్రియా. మొదటి మూడూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి, పాఠం చదవనివాళ్లు తికమకపడతారు. వాటినే హరితరేణువు, వర్ణరేణువు, శ్వేతరేణువు అని రాస్తే? హరిత అంటే పచ్చన, వర్ణ అంటే రంగు. ఆ రెండూ వాటంతటవే కొట్టుకుపోతాయి. పుస్తకం తెరవనివాళ్లు కూడా ‘శ్వేత’ చూసి టిక్కు పెట్టేస్తారు.

భౌతికశాస్త్రంలో దీనికి తిరగబడ్డ చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాల్లో స్పీడ్‌ను వడి అని, వెలాసిటీని వేగం అని అంటారు. వాడుకలో రెండూ వేగమే. స్థిర వడితో వృత్తంలో తిరిగే వస్తువుకు ఏది మారుతుందంటే, దిశ మారుతుంది కాబట్టి వేగం అన్నది జవాబు. అనువాదకుడు ‘స్థిర వేగంతో’ అని రాశాడో, ప్రశ్నే సరైన జవాబును కాదంటుంది. బాగా చదివినవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు.

తెలుగు ప్రశ్నను మరొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి చూడటం పాత పద్ధతి. శ్వేతరేణువు చక్కగా ల్యూకోప్లాస్ట్ అనే తిరిగొస్తుంది. లోపం మాత్రం బయటపడదు. అందుకే కొందరు విద్యార్థుల చేత ప్రశ్న చేయించి, ఆ జవాబు ఎందుకు ఎంచుకున్నారో, మిగతావి ఎందుకు వద్దనుకున్నారో అడగాలి. ఆ తర్వాత పెద్ద సంఖ్యలో రాయించి, మొత్తం మార్కులు సమానంగా వచ్చిన ఇంగ్లిష్, తెలుగు విద్యార్థులను పక్కపక్కన పెట్టి చూడాలి. అందరినీ కలిపి పోలిస్తే చదువులోని తేడా అనువాదం ఖాతాలో పడుతుంది. సమాన మార్కులవాళ్లలో కూడా ఆ ఒక్క ప్రశ్నను ఇంగ్లిష్‌లో సగం మంది, తెలుగులో పదిలో తొమ్మిది మంది సరిగ్గా చేశారనుకుందాం. తెలుగులో తప్పు ఆప్షన్ల జోలికి ఎవరూ పోలేదంటే, జవాబు ఎక్కడో బయటపడిపోతోందన్నమాట.

అప్పుడు తెలుగు మాటను ఒక్కదాన్నే మార్చితే సరిపోదు. పాఠంలో శ్వేతరేణువని చదివినవాళ్లకు ల్యూకోప్లాస్ట్ కొత్తగా ఉంటుంది. రంగు ప్రస్తావన తీసేసి, బంగాళదుంపలో పిండిపదార్థాన్ని నిల్వచేసేవి ఏవని రెండు భాషల్లోనూ అడగాలి. అంటే ఇంగ్లిష్ మూలాన్నీ దిద్దాలి. అందుకే అనువాదకుడు ప్రశ్నలు రాసేటప్పుడే పక్కన ఉండాలి. పత్రం ఖరారయ్యాక పిలిస్తే మాటలు మార్చగలడే తప్ప ప్రశ్నను మార్చలేడు.