రెండు తెలిసి, మూడోది అనుమానమైతే

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు ఆ ఆదివారం జేఈఈ అడ్వాన్స్‌డ్ మాక్ టెస్ట్ రాసి, ప్రశ్నపత్రం పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. వాడి వేలు ఒకే ప్రశ్న మీద ఉంది. ఒక సంఖ్య వర్గాన్ని 12తో భాగిస్తే శేషం రాదు. అప్పుడు ఆ సంఖ్య గురించి కిందివాటిలో ఏవి నిజం? ఎ) దాన్ని 2 భాగిస్తుంది. బి) 3 భాగిస్తుంది. సి) 6 భాగిస్తుంది. డి) 12 భాగిస్తుంది.

"సి కరెక్టే కదా మామయ్యా, మరి ఒక్క మార్కే వేశారేంటి?" అన్నాడు.

"ఎ, బి తప్పా?" అని అడిగాను.

"తప్పు కాదు. కానీ సి ఇంకా కరెక్ట్."

ఆ "ఇంకా కరెక్ట్" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. మన పిల్లలు ఏళ్ల తరబడి ఈఏపీసెట్ బిట్లు చేస్తారు. అందులో 160 ప్రశ్నలు, ప్రతిదానికీ ఒకే జవాబు, తప్పు రాసినా మార్కులు కోయరు. ఒకటి దొరకగానే మిగతా మూడింటినీ వదిలేసి ముందుకు పోవడం అక్కడ తెలివైన పని. నాలుగింటిలో నిజమనిపించేవి రెండుంటే, వాటిలో మెరుగైనదాన్ని ఎంచుకోవడం కూడా అక్కడ అలవాటైనదే. సరైన ఆప్షన్లన్నీ గుర్తించమన్న ప్రశ్నలో ఆప్షన్ల మధ్య పోటీ లేదు. అవి ఒకే ప్రశ్న కింద కూర్చున్న నాలుగు అవును-కాదు ప్రశ్నలు. ఒక్కోదాన్నీ మిగతా మూడూ లేవనుకుని తేల్చాలి. కంప్యూటర్ తెర కూడా ఆ తేడా చూపిస్తుంది. ఒకే జవాబు ఉన్నచోట గుండ్రటి గుర్తులుంటాయి, ఎన్నైనా ఎంచుకోదగ్గచోట చదరపు గడులుంటాయి. ఎన్ని సరైనవో ముందే చెప్పరు. ఒక్కటే కావచ్చు, నాలుగూ కావచ్చు. "కనీసం రెండైనా ఉంటాయిలే" అని ఇంకొకటి వెతికి పెట్టేవాళ్లూ దెబ్బతింటారు.

మళ్లీ ఆ లెక్కకు వద్దాం. 12లో 3 ఉంది. 3 ప్రధాన సంఖ్య కాబట్టి, వర్గంలోకి అది రావాలంటే అసలు సంఖ్యలోనే ఉండి తీరాలి. 2 సంగతీ అంతే. కాబట్టి ఎ, బి నిజం. 2, 3 రెండూ భాగించినప్పుడు 6 కూడా భాగిస్తుంది కాబట్టి సి నిజం. ఇక డి. వాడు దీన్ని సరిచూడ్డానికి 12, 24 తీసుకున్నాడట. రెండిటికీ సరిపోయింది కానీ, ఎందుకో అనుమానమొచ్చి వదిలేశాడు. ఆ అనుమానమే వాణ్ని కాపాడింది. వాడు ప్రయత్నించాల్సింది 6. దాని వర్గం 36, దాన్ని 12 భాగిస్తుంది, 6ను మాత్రం 12 భాగించదు. ఆ ఒక్క ఉదాహరణతో డి పోయింది. నిజమని తేల్చడానికి కారణం కావాలి, తప్పని తేల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆ ఉదాహరణ వెతికేటప్పుడు ఆప్షన్‌కు అనుకూలంగా ఉన్న సంఖ్యలతో కాకుండా, షరతుకు సరిపోయే అతి చిన్న సంఖ్యతో మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి కూడా ఈ ప్రశ్నలో కనిపిస్తుంది. ఆప్షన్లకు తమలో తమకు చుట్టరికం ఉంటుంది. సి నిజమైతే ఎ, బి నిజం కాక తప్పదు. సి పెట్టి ఎ వదిలేసిన జవాబు ఎక్కడా సరైనది కాలేదు. గుర్తు పెట్టేముందు ఈ చుట్టరికాలు చూసుకుంటే ఇలాంటి పొరపాట్లు అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు ఆ ఒక్క మార్కు సంగతి. 2023, 2024 అడ్వాన్స్‌డ్ పేపర్లలో ఈ రకం ప్రశ్నకు మార్కులు ఇలా వేశారు. సరైనవన్నీ గుర్తిస్తే 4. కొన్నే గుర్తించి, గుర్తించినవన్నీ సరైనవే అయితే అక్షరానికి ఒకటి చొప్పున. ఏమీ రాయకపోతే సున్నా. ఒక్క తప్పు అక్షరం కలిసినా మైనస్ 2, పక్కన మూడు సరైనవి ఉన్నా సరే. మావాడు సి మాత్రమే పెట్టి 1 తెచ్చుకున్నాడు. ఎ, సి పెట్టి ఉంటే 2. డి కూడా కలిపి నాలుగూ పెట్టి ఉంటే ఉన్నది పోయి మైనస్ 2. కాబట్టి ఒక్క అక్షరం ఖాయంగా తెలిసినా ఆ ప్రశ్నను ఖాళీగా వదలకూడదు.

అసలు తంటా అనుమానపు అక్షరంతోనే. ఎ, సి ఖాయం, డి తప్పని ఖాయం, బి మాత్రం తేలలేదనుకోండి. సగం సగం నమ్మకం. బిని వదిలేస్తే, అది తప్పయినప్పుడు మీ జవాబు పూర్తిగా సరైనదై 4 వస్తాయి, నిజమైనప్పుడు 2 వస్తాయి. సగటున 3. బిని పెడితే నిజమైనప్పుడు 4, తప్పయినప్పుడు మైనస్ 2. సగటున 1. పెట్టడం చాలా నష్టం. మరి ఎంత నమ్మకం ఉంటే పెట్టవచ్చు? ఇలాంటి సందర్భాలు నాలుగొస్తే మూడింట బి నిజమయ్యేంత నమ్మకం ఉందనుకుందాం. వదిలేస్తే మూడు రెళ్లు ఆరు, ఒక నాలుగు, మొత్తం 10. పెడితే మూడు నాలుగులు పన్నెండు, అందులో రెండు పోతే 10. సరిగ్గా సమానం. నాలుగింట మూడు కంటే ఎక్కువ నమ్మకం ఉంటేనే ఆ మూడో అక్షరం పెట్టాలి.

చేతిలో ఉన్న ఖాయమైన అక్షరాలను బట్టి ఈ గీత జరుగుతుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చే భాగమిదే. ఒక్కటే ఖాయమై రెండోది అనుమానమైతే, మూడింట రెండు పాళ్ల నమ్మకం దగ్గర రెండు దారులూ సమానమవుతాయి. మూడు ఖాయమై నాలుగోది అనుమానమైతే, ఏడింట ఆరు పాళ్లు కావాలి. తెలిసినవి పెరిగేకొద్దీ పోగొట్టుకునేది అంతే ఉంటుంది, అదనంగా వచ్చేది తగ్గుతుంది. పిల్లలు చేసేది మాత్రం సరిగ్గా దీనికి తిరగేసి. మూడు దొరికేసరికి ఊపొచ్చి, నాలుగోది కూడా పెట్టేస్తారు.

ఈ లెక్క పనికిరావాలంటే మీ నమ్మకం ఎంత నమ్మదగిందో తెలియాలి. మావాడితో ఒక పని చేయించాను. మాక్ టెస్ట్ రాస్తున్నప్పుడే అనుమానంతో పెట్టిన ప్రతి అక్షరం పక్కన రఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టమన్నాను. కీ వచ్చాక ఆ చుక్కల్లో ఎన్ని నిజమయ్యాయో లెక్క పెట్టాడు. "దాదాపు ఖాయం" అని పెట్టిన వాటిలో సగానికి సగం తప్పాయి. వాడి ముప్పావు నమ్మకం నిజానికి అర నమ్మకమే. ఆ సంగతి తెలిశాక, రెండు ఖాయమైనచోట మూడోదాని జోలికి వెళ్లడం బాగా తగ్గించాడు.

గేట్ రాసే ఇంజనీరింగ్ పిల్లలు మాత్రం ఈ జాగ్రత్తను అక్కడికి మోసుకెళ్లకూడదు. ఆ పరీక్షలో ఈ రకం ప్రశ్నలు 2021లో మొదలయ్యాయి. వాటికి నెగెటివ్ మార్కులు లేవు, పాక్షిక మార్కులూ లేవు. సరైనవన్నీ పెడితే పూర్తి మార్కులు, లేదంటే సున్నా. అక్కడ ఎ, సి మాత్రమే పెట్టి భద్రంగా ఆగితే, బి కూడా నిజమైనప్పుడు చేతికి ఏమీ రాదు. అనుమానపు అక్షరం ఒకటే మిగిలినప్పుడు నమ్మకం సగానికి కాస్త మించినా పెట్టేయాలి, ప్రశ్నను ఖాళీగా అసలు వదలకూడదు. ఎ, సి ఖాయమై బి మీద అరవై శాతం నమ్మకం ఉన్న అదే ప్రశ్నకు, గేట్‌లో మూడు గడులు నొక్కాలి, అడ్వాన్స్‌డ్‌లో రెండు నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి.